చచ్చిన గొర్రెను కోశాక: ఒక దొమ్మ రోగం కేసు

నేను పశువైద్యుణ్ణి. ఈ కేసులో మనుషులను, ఊరిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. రోగం నడిచిన తీరు, ఒక్కో చోట మేం ఎందుకలా నిర్ణయించుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జబ్బుతో చచ్చిన జంతువు మాంసం గురించి, తనిఖీ లేకుండా కోసిన మాంసం గురించి నన్ను ఎవరడిగినా ఈ కేసే చెప్తాను. ఈ రెండూ ఒకే మందలో, ఒకే వారంలో జరిగాయి.

నేపథ్యం

ఒక రైతుకు దాదాపు 80 గొర్రెల మంద ఉంది. చాలాకాలం ఎండ కాసి, అప్పుడే వానలు పడ్డాయి. నేల మీద పొట్టి గడ్డి మొలిచింది. గడ్డి పొట్టిగా ఉంటే గొర్రె మూతి నేలకు ఆనించి మేస్తుంది, గడ్డితోపాటు మట్టీ కడుపులోకి పోతుంది. ఈ కేసుకు మూలం అక్కడే ఉందని తర్వాత తేలింది.

సాయంత్రం మామూలుగా మేసి వచ్చిన పెద్ద గొర్రె తెల్లారేసరికి చచ్చి ఉంది. రైతు దాన్ని చిటుకు రోగం అనుకున్నాడు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. కొత్త గడ్డి తిన్న గొర్రెలు అలా ఉన్నట్టుండి చనిపోవడం మందలు పెంచేవాళ్ళందరూ చూసిందే. అయితే రెండు విషయాలు చిటుకు రోగానికి సరిగ్గా పొసగవు. ఒకటి, ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి రక్తం కారింది, అది గడ్డకట్టలేదు. రెండోది, చచ్చి గంటలు గడిచినా కాళ్ళు పూర్తిగా బిగుసుకోలేదు, పొట్ట మాత్రం త్వరగా ఉబ్బింది. ఉన్నట్టుండి చావు, గడ్డకట్టని నల్ల రక్తం, బిగుసుకోని కాళ్ళు. ఈ మూడూ కలిసి కనబడితే పశువైద్యుడి చేతిలో కత్తి ఆగిపోవాలి. అది ఆంత్రాక్స్, అంటే దొమ్మ రోగం కావచ్చు.

రైతు రక్తం చూశాడు. రాత్రి ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుందనుకున్నాడు. బాగా బలిసిన గొర్రె, పూడ్చిపెడితే మొత్తం నష్టమే. మరో ఇద్దరి సాయంతో అక్కడే కోసి, తెలిసినవాళ్ళకు తక్కువ రేటుకు పంచాడు. కొంత ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత మరో రెండు గొర్రెలు మంద వెనక పడటం మొదలైంది. తల వంచి నిలబడుతున్నాయి, రొప్పుతున్నాయి. ఇవి కూడా పోతాయేమోనన్న భయంతో ఒక వ్యాపారికి ప్రాణాలతోనే అమ్మేశాడు. ఆయన వాటిని కబేళాకు తీసుకెళ్ళకుండా తన పెరట్లోనే తెల్లవారుజామున కోసి, ఆరోగ్యంగా ఉన్న గొర్రెల మాంసంతో కలిపి అమ్మాడు.

సమస్య ఎలా బయటపడింది

నాకు మొదట ఫోన్ చేసింది రైతు కాదు, అక్కడి ప్రాథమిక ఆస్పత్రి డాక్టరు గారు. ఇద్దరు మనుషులు ముంజేతి మీద పుండుతో వచ్చారని, మధ్యలో కాలినట్టు నల్లగా ఉందని, చుట్టూ బాగా వాచిందని చెప్పారు. తర్వాత ఆమె అన్న మాట నాకు ముఖ్యమనిపించింది: "అంత వాపు ఉన్నా నొప్పి లేదంటున్నారు సార్."

మామూలు చీము గడ్డ అంత వాచితే మనిషి చెయ్యి ముట్టుకోనివ్వడు. చర్మానికి వచ్చే దొమ్మ పుండుకు నొప్పి ఉండదు. మొదట దోమ కుట్టినట్టు దురద పెట్టే చిన్న పొక్కు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దాని చుట్టూ నీటి బుగ్గలు లేస్తాయి. తర్వాత మధ్య భాగం చచ్చుబడి నల్లటి పెచ్చు కడుతుంది. ముట్టుకున్న ఒకటి నుంచి ఏడు రోజుల లోపు ఇది మొదలవడం మామూలు, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యమూ అవుతుంది. ఆ ఇద్దరూ ఏం పని చేశారో అడగమన్నాను. గొర్రెను కోశామని చెప్పారు.

అదే ఆస్పత్రిలో జ్వరం, వాంతులు, కడుపునొప్పితో ఒక పెద్దాయన అప్పటికే చేరి ఉన్నారు. ఆయన్ను మామూలు ఫుడ్ పాయిజనింగ్‌గా చూస్తున్నారు. ఆయన కత్తి పట్టలేదు, పచ్చి మాంసం ముట్టుకోలేదు, వండింది తిన్నారంతే. చచ్చిన గొర్రె మాంసం తిన్న సంగతి ఇంట్లోవాళ్ళు చెప్పలేదు. చెబితే అమ్మిన రైతుకు ఇబ్బంది అవుతుందని ఊరుకున్నారు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

ముందు రోగం నిర్ధారణ కావాలి. రైతు ఫ్రిజ్‌లోని మాంసం ముక్క నుంచి పలుచటి పూత తీసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో చూశాం. దొమ్మ క్రిమి అయితే చివరలు చదరంగా ఉన్న నీలం కడ్డీలు చిన్న చిన్న గొలుసులుగా కనిపిస్తాయి, వాటి చుట్టూ గులాబీ రంగు పొర ఉంటుంది. మాకు అలాంటివేమీ కనబడలేదు. కుళ్ళు బాక్టీరియా మాత్రం రకరకాలు కనిపించాయి.

కేసు మొత్తంలో అన్నింటికంటే ప్రమాదకరమైన ఘట్టం ఇదే. రైతు ముఖం వికసించింది. "అయితే మాంసంలో ఏం లేదన్నమాటే కదా సార్?" అన్నాడు. లేదని నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. ఈ పరీక్ష చచ్చిన కొద్ది గంటల్లో, మహా అయితే ఒక రోజులోపు తీసిన రక్తం మీద నమ్మదగింది. కోసి, కడిగి, రోజుల తరబడి నిల్వ చేసిన మాంసంలో ఆ కడ్డీలు చచ్చిపోయి ఉండవచ్చు, లేదా గాలి తగిలి, గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే స్పోర్లుగా మారి ఉండవచ్చు. గులాబీ పొర ఉండేది కడ్డీలకే, స్పోర్లకు ఉండదు. ముక్కలైన మాంసంలో రోగం కనబడితే ఉన్నట్టే, కనబడకపోతే లేదని మాత్రం చెప్పలేం.

మాంసం తనిఖీ జరిగే తీరులోనే దీనికి మూలం ఉంది. జంతువు బతికి ఉండగా నడక, శ్వాస, ముక్కు, కళ్ళు చూస్తారు, అనుమానం వస్తే ఉష్ణోగ్రత కొలుస్తారు. కోశాక ఊపిరితిత్తులు, కాలేయం, ప్లీహం, గుండె, లింఫు గ్రంథులు ఆ కళేబరానివేనని గుర్తు పెట్టుకుని పరిశీలిస్తారు. దొమ్మలో ప్లీహం అనేక రెట్లు ఉబ్బి, నల్లగా, వేలు పెడితే దిగబడేంత మెత్తగా ఉంటుంది. రైతు దాన్ని చూసి, బాగాలేదని అక్కడే పారేశాడు. కుక్కలు తిన్నాయి. మిగిలిన కండలో మాత్రం కంటికి తేడా కనిపించలేదు. రోగం గుర్తు తెలిసే అవయవాలు పోయి, కండ ఒక్కటే సంచిలోకి వచ్చాక ఎంత అనుభవం ఉన్నవాడైనా చూసి చెప్పగలిగింది ఏమీ ఉండదు.

రెండో ప్రయత్నం ఊళ్ళో మైకులో చెప్పించడం. ఆ మాంసం కొన్నవాళ్ళు తెచ్చి ఇవ్వాలని, తిన్నవాళ్ళు ఆస్పత్రికి రావాలని చెప్పించారు. కేసు పెడతామని కూడా ఎవరో చేర్చారు. ఒక్కరూ రాలేదు. కొందరు రాత్రికి రాత్రే మాంసాన్ని కాలువలో, చెత్తలో పారేశారు. మాకు తెలిసిన చోట ఉన్న మాంసం తెలియని చోట్లకు చేరింది. వ్యాపారి తను అసలు గొర్రెలే కొనలేదన్నాడు.

నిర్ధారణ

ఆ మర్నాడు మందలో మరో గొర్రె చచ్చింది. ఈసారి రైతు ముట్టుకోకుండా కబురు చేశాడు. మేం కళేబరాన్ని కోయలేదు. గ్లవ్స్, మాస్కు వేసుకుని, చెవి రక్తనాళం నుంచి సూదితో కొన్ని చుక్కల రక్తం తీసి, ఆ చోట క్రిమిసంహారక మందులో తడిపిన దూది అదిమిపెట్టాం. స్లైడు మీద గులాబీ పొరతో నీలం కడ్డీలు స్పష్టంగా కనిపించాయి. తర్వాత ల్యాబ్ కల్చర్, చేతి పుండు పెచ్చు కింద నుంచి తీసిన నమూనా మీద చేసిన పీసీఆర్ దాన్నే ధృవీకరించాయి.

కళేబరాన్ని ఎందుకు కోయకూడదో రైతుకు అక్కడే వివరించాను. దొమ్మ క్రిమి శరీరం లోపల గాలి తగలనంతసేపు కడ్డీ రూపంలోనే ఉంటుంది. కళేబరం మూసి ఉంటే కుళ్ళు బాక్టీరియాతో పోటీలో ఆ కడ్డీలు కొన్ని రోజుల్లోనే చచ్చిపోతాయి. కత్తి పడగానే రక్తానికి గాలి తగులుతుంది, కడ్డీలు గట్టి పెంకు కట్టుకుని స్పోర్లవుతాయి. ఈ జీవితచక్రాన్ని రాబర్ట్ కాక్ 1876లోనే చూపించాడు. ఆ స్పోర్లు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లండ్ దగ్గరి గ్రునార్డ్ దీవిలో ఆంత్రాక్స్ ప్రయోగాలు చేశారు. 1986లో ఫార్మాల్డిహైడ్‌తో నేలంతా శుద్ధి చేశాక, 1990లో గాని ఆ దీవి సురక్షితమని ప్రకటించలేదు. చచ్చిన జంతువును కోయడమంటే తినేవాళ్ళకు మాత్రమే కాదు, ఆ నేల మీద రేపు మేసే మందకూ రోగం అంటించడమే.

పనిచేసినవి

మైకు ఆపించి, అడిగే పద్ధతి మార్చాం. "ఆ మాంసం కొన్నారా?" అని ఎవరినీ అడగలేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి ఇంట్లో ఎవరికైనా చేతి మీద, మెడ మీద నొప్పిలేని పుండు ఉందా, జ్వరం, గొంతు వాపు, కడుపునొప్పి ఉన్నాయా అని అడిగారు. ఎవరి దగ్గర కొన్నదీ రాసుకోబోమని, తప్పు పట్టడానికి రాలేదని మొదటే చెప్పారు. ఇది మంచితనం కోసం చేసింది కాదు. భయపడిన మనిషి దాచిపెడతాడు. ఎవరు తిన్నారో తెలియనంతవరకు డాక్టరు గారికి చేతులు కట్టేసినట్టే.

దీంతో సమాచారం వచ్చింది. పెద్దాయన ఇంట్లోవాళ్ళు కూడా అప్పుడే నిజం చెప్పారు. అప్పటికి ఆయన విరేచనాల్లో రక్తం పడుతోంది, పొట్టలో నీరు చేరుతోంది. వెంటనే పెద్దాస్పత్రికి పంపి సరైన చికిత్స మొదలుపెట్టినా ఆయన దక్కలేదు. చర్మానికి వచ్చే దొమ్మకు సకాలంలో యాంటీబయాటిక్ ఇస్తే చావు చాలా అరుదు. పేగులకు వచ్చిన దొమ్మలో మరణాలు ఎక్కువ, చికిత్స ఆలస్యమైన ప్రతి రోజూ బతికే అవకాశం తగ్గుతుంది. మొదటి రోజే "చచ్చిన గొర్రె మాంసం తిన్నాడు" అన్న ఒక్క మాట డాక్టరు చెవిన పడి ఉంటే ఆయన కచ్చితంగా బతికేవాడని నేను అనలేను. ఆయనకు చికిత్స రోజుల ముందే మొదలయ్యేదని మాత్రం చెప్పగలను.

వ్యాపారిని ఒప్పించింది కూడా అధికారులు కాదు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడి చేతికి పుండు లేచింది. డాక్టరు గారు ఆ కుర్రాడికి మందిచ్చి, వ్యాపారిని పిలిచి ఆయన చేతులు కూడా చూశారు. ఆ గదిలోనే ఆయన రెండు గొర్రెలు ఎక్కడ కొన్నదీ, ఎప్పుడు కోసిందీ చెప్పాడు.

ఆయన వాదన గట్టిదే, చాలామంది నమ్మేదీ అదే. "చచ్చినవి కావు సార్, బతికున్నవే కోశాను. రక్తమంతా పోయింది. మాంసం ఎర్రగా, శుభ్రంగా ఉంది." ఇది అబద్ధం కాదు. బతికున్నప్పుడు కోస్తే రక్తం కారిపోతుంది, కాబట్టి చచ్చినదాని మాంసంలా నల్లగా, జిగటగా కనిపించదు. కానీ ఆ రెండు గొర్రెలు అప్పటికి తీవ్రమైన జ్వరంలో ఉన్నాయి. గొర్రెకు మామూలు ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దొమ్మ వచ్చినప్పుడు 41, 42 దాకా పోతుంది. ఆ దశలో క్రిమి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. కోసేటప్పుడు కారే రక్తం నేల మీదా, కత్తి మీదా, పక్కనే కోసిన మంచి గొర్రె మాంసం మీదా పడుతుంది. మాంసం రంగు జ్వరాన్ని చూపించదు. కోయకముందు పెట్టే థర్మామీటరే చూపిస్తుంది. తనిఖీ తప్పించుకున్న జంతువు విషయంలో పోయేది సరిగ్గా ఆ ఒక్క అవకాశమే. తర్వాత దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

మందు ఎవరికి ఇవ్వాలన్న దాని మీద చాలాసేపు చర్చ జరిగింది. మాంసం ముట్టుకున్న ప్రతివాళ్ళకూ ఇస్తే మంచిదని కొందరన్నారు. డాక్టరు గారు మూడు రకాలుగా విడదీశారు. పచ్చి మాంసం, తోలు, రక్తం ముట్టుకున్నవాళ్ళకూ, తిన్నవాళ్ళకూ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్. మూసిన సంచి మోసినవాళ్ళకు మందు లేదు, రోజూ జ్వరం, చర్మం చూసుకుంటే చాలు. మనిషి నుంచి మనిషికి ఈ రోగం పాకడం చాలా అరుదు కాబట్టి ఇంట్లో మిగతావాళ్ళను విడిగా ఉంచలేదు. అవసరం లేనివాళ్ళకు ఇవ్వకపోవడం వల్లే అవసరమైనవాళ్ళు కోర్సు పూర్తి చేసేలా వెంటపడి చూడగలిగాం.

మందలో ఇంకో చిక్కు వచ్చింది. దొమ్మ టీకాలో ఉండేది బలహీనపరచిన బతికున్న స్పోర్లు. యాంటీబయాటిక్ ఇచ్చిన గొర్రెకు అదే సమయంలో టీకా వేస్తే మందు ఆ టీకా క్రిమిని కూడా చంపేస్తుంది, రక్షణ రాదు. భయంతో రైతు అప్పటికే కొన్నింటికి ఇంజెక్షన్లు వేయించాడు. అందుకని మందను విడదీశాం. జ్వరం లేనివాటికి, మందు పడనివాటికి వెంటనే టీకా. జ్వరం ఉన్నవాటికి ముందు చికిత్స, మందు ప్రభావం పోయాక టీకా. టీకా వేసినా రక్షణ రావడానికి వారం పది రోజులు పడుతుంది. అప్పటిదాకా పాత మేతస్థలానికి తోలకుండా, అమ్మకుండా, కోయకుండా మంద మొత్తాన్ని కట్టడి చేశాం. కళేబరాన్ని, దొరికిన మాంసాన్ని, రక్తం పడిన పై మట్టిని కలిపి పూర్తిగా బూడిద అయ్యేదాకా కాల్పించాం. మొదటి గొర్రెను కోసిన చోటును ఫార్మాలిన్‌తో తడిపి కంచె వేయించాం.

ఈ కేసు నుంచి తెలిసినవి

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, బాగా ఉడికిస్తే పోతుంది కదా అని. కడ్డీ రూపంలోని క్రిమి ఉడుకుకు చస్తుంది. స్పోర్ల విషయంలో ఇంటి పొయ్యిని నమ్మలేం. ల్యాబ్‌లో వాటిని చంపడానికి ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దాకా తీసుకెళ్తాం, పెద్ద ముక్క మధ్యభాగం గిన్నెలో అంత వేడెక్కదు. పైగా మాంసం పొయ్యి ఎక్కేలోపే చేతులు, కత్తి, చెక్క, గిన్నెలు తడిసి ఉంటాయి. ఈ కేసులో పుండ్లు వచ్చినవాళ్ళందరికీ అవి కోసేటప్పుడు అంటుకున్నవే, తినడం వల్ల కాదు.

దొమ్మ కాకపోయినా లెక్క మారదు. జబ్బుతో చచ్చిన జంతువు రక్తం శరీరంలోనే ఉండిపోతుంది. పేగుల్లోని బాక్టీరియా గంటల్లోనే కండలోకి చేరుతుంది. జబ్బుతో నీరసించిన జంతువు కండలో శక్తి నిల్వలు అయిపోయి ఉంటాయి కాబట్టి కోశాక మాంసంలో రావాల్సిన ఆమ్లత్వం రాదు, త్వరగా పాడవుతుంది. కొన్ని బాక్టీరియా వదిలిన విషం ఉడికించినా పోదు. చచ్చేముందు వేసిన ఇంజెక్షన్ల మందు కూడా మాంసంలోనే ఉంటుంది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ఆ మాంసం తిన్నవాళ్ళలో చాలామందికి ఏమీ కాలేదు. ఎంత క్రిమి లోపలికి వెళ్ళింది, నోట్లోనో పేగులోనో పుండు ఉందా, ముక్క ఎంత ఉడికింది, ఇలాంటి వాటిని బట్టి ఫలితం మారుతుంది. ఈ అలవాటు పోకపోవడానికి కారణం కూడా అదే. పోయినసారి తిన్నాం, ఏమీ కాలేదు అంటారు. పోయినసారి చచ్చిన గొర్రె వేరే జబ్బుతో చచ్చి ఉంటుంది. ఏ జబ్బుతో చచ్చిందో కోసినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

కొనేటప్పుడు మాంసం ముక్కను చూసి తేల్చుకోవాలని చూడకండి. జంతువును కోయకముందు, కోశాక ఎవరు చూశారో అడగండి. ముద్ర ఉందా, కబేళా నుంచి వచ్చిందా అని అడగండి. సమాధానం తడబడితే, రేటు అకారణంగా తక్కువైతే, "ఇప్పుడే పడిపోతే కోసేశాం" అంటే, ఆ మాంసం వద్దు.

ఇప్పటికే ఇంటికి తెచ్చేసి ఉంటే దాన్ని కడగకండి, కుక్కలకు వేయకండి, కాలువలో పారేయకండి. రెండు సంచుల్లో మూసి ఉంచి పశువైద్యుడికి ఫోన్ చేయండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. తినేసి ఉంటే మీ అంతట మీరు మాత్రలు వేసుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏ జంతువు, ఎలా చచ్చింది, ఏ రోజు ముట్టుకున్నారు, ఏ రోజు తిన్నారు అనే నాలుగు విషయాలు చెప్పండి. అమ్మినవాడి పేరు డాక్టరు గారికి అక్కర్లేదు.